2400 రూల్స్‌లో బెస్ట్ ఒకటి: నా బ్యాక్‌టెస్ట్ మీద నేను పెట్టుకున్న నమ్మకం ఎలా పోయింది

2015 జనవరిలో నేను సొంతంగా రాసుకున్న ఒక ట్రేడింగ్ రూల్‌తో నిజమైన డబ్బు పెట్టడం మొదలుపెట్టి, 2016 మార్చిలో ఆపేశాను. ఆ పద్నాలుగు నెలల్లో పెట్టిన డబ్బులో 12 శాతం పోయింది. అదే రూల్ పాత డేటా మీద పదేళ్ల బ్యాక్‌టెస్ట్‌లో, ఏ పద్నాలుగు నెలలు తీసుకున్నా, ఎప్పుడూ ఇంత నష్టం చూపించలేదు. అంటే పదేళ్లలో చూడని నష్టాన్ని సంవత్సరం దాటగానే చూశాను. మొదట్లో మార్కెట్ మారిపోయిందనుకున్నాను, చాలామంది అలాగే అనుకుంటారు. తర్వాత ఒక్కొక్కటిగా తవ్వుకుంటూ పోతే తెలిసింది ఏమిటంటే, మార్కెట్‌తో పెద్దగా సంబంధం లేదు, ఆ రూల్‌లో మొదటి నుంచీ పస లేదు, నేను దాన్ని ఎంచుకున్న పద్ధతే దానికి లేని పసను తెచ్చి చూపించింది. ఆ సంగతి ఎలా బయటపడిందో, అవుట్ ఆఫ్ శాంపిల్ టెస్టింగ్ నాకు ఎక్కడ పనికొచ్చిందో, దాన్ని కూడా నేను ఎలా పాడుచేసుకున్నానో వరుసగా చెప్తాను.

ముందు రూల్ ఏమిటో చెప్పాలి. అమెరికా షేర్ మార్కెట్ సూచీ ఎస్ అండ్ పి 500 మీద రెండు మూవింగ్ యావరేజ్‌లు, అంటే గత కొన్ని రోజుల ధరల సగటులు: తక్కువ రోజులది చిన్నది, ఎక్కువ రోజులది పెద్దది. చిన్నది పెద్దదాని పైన ఉంటే లాంగ్, అంటే ధర లేస్తే లాభం వచ్చేలా కొని ఉంచుకోవడం; కింద ఉంటే షార్ట్, అంటే ధర పడితే లాభం వచ్చేలా ముందే అమ్మి పెట్టడం. ఇంతకంటే పాత ఐడియా ఉండదు. 2005 నుంచి 2014 చివరి దాకా రోజువారీ ముగింపు ధరలు తీసుకున్నాను. చిన్న యావరేజ్‌కి 5 రోజుల నుంచి 50 దాకా ఐదేసి చొప్పున 10 విలువలు, పెద్దదానికి 60 నుంచి 200 దాకా ఇరవయ్యేసి చొప్పున 8 విలువలు. మొత్తం 80 జతలు. అన్నింటినీ నడిపించి షార్ప్ రేషియో చూశాను. షార్ప్ అంటే తెలియనివాళ్లకి: సంవత్సరానికి సగటున వచ్చిన లాభాన్ని, ఆ లాభం ఎంత ఊగిసలాడుతుందో దానితో భాగిస్తే వచ్చే అంకె. వడ్డీని పక్కన పెడితే ఇంతే. 80లో బెస్ట్‌దానికి 0.55 వచ్చింది. బాగానే ఉంది కానీ నిద్ర మానుకుని చేసేంత లేదు.

అక్కడ ఆగి ఉంటే ఇంత కథ ఉండేది కాదు. రెండు యావరేజ్‌లు ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉన్నప్పుడు అటూ ఇటూ తిప్పి కొడుతోంది కదా అని, వాటి మధ్య కనీసం ఇంత శాతం తేడా ఉంటేనే పొజిషన్ తీసుకోవాలని ఒక బ్యాండ్ పెట్టాను. దానికి 5 విలువలు. షార్ప్ 0.8కి వెళ్లింది. తర్వాత నష్టాలు వారంలో ఏ రోజు ఎక్కువ వస్తున్నాయో చూద్దామని వారం పేర్ల వారీగా లెక్క తీస్తే మంగళవారం మరీ చెడ్డగా కనిపించింది. "మంగళవారం చేతిలో ఏమీ ఉంచుకోవద్దు" అని ఒక షరతు చేర్చాను. ఫెయిర్‌గా ఉండాలని మిగతా నాలుగు రోజుల్నీ, ఏ రోజూ మానకుండా ఉండడాన్నీ కూడా గ్రిడ్‌లో పెట్టాను, అంటే 6 ఆప్షన్లు. 10 ఇంటూ 8 ఇంటూ 5 ఇంటూ 6, మొత్తం 2400. అన్నిటిలోకీ గెలిచింది: 15 రోజులు, 120 రోజులు, 1 శాతం బ్యాండ్, మంగళవారం సెలవు. షార్ప్ 1.1. గ్రాఫ్ చూస్తే 2008లో కూడా ఎడమ నుంచి కుడికి పైకే వెళ్తోంది. ఆ గ్రాఫ్‌ని ప్రింట్ తీసి టేబుల్ మీద పెట్టుకున్నాను.

ఆ మంగళవారం గురించి నాకు నేను ఒక కారణం కూడా చెప్పుకున్నాను. సోమవారం భయపడి అమ్మినవాళ్లు మంగళవారం తిరిగి కొంటారు, అందుకే షార్ట్‌లో ఉన్నవాళ్లు ఆ రోజు దెబ్బ తింటారు అని. వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. ఇప్పుడు నాకు బాగా అర్థమైంది, ఫలితం చూశాక చెప్పుకునే కారణానికి విలువ చాలా తక్కువ. శుక్రవారం గెలిచి ఉంటే శుక్రవారానికీ అంతే చక్కని కారణం రెండు నిమిషాల్లో దొరికేది.

ఇక 2015లో ఏం జరిగింది? ఆగస్టు చివర్లో మార్కెట్ గబగబా పడింది, నా యావరేజ్‌లు కొంచెం ఆలస్యంగా షార్ట్ అన్నాయి, అక్టోబర్ కల్లా మార్కెట్ తిరిగి లేచింది, నేను నష్టంతో బయటికొచ్చాను. 2016 జనవరి, ఫిబ్రవరిలో మళ్లీ పడింది, మళ్లీ షార్ట్, మార్చిలో మళ్లీ లేచింది, మళ్లీ నష్టం. దానికి తోడు ప్రతి మంగళవారం కోసం బయటికొచ్చి మళ్లీ లోపలికెళ్లడానికి సంవత్సరానికి వంద దాకా ట్రేడ్లు అయ్యాయి. ఒక్కో ట్రేడ్‌కి 0.02 శాతం ఖర్చు అనుకున్నా ఏడాదికి 2 శాతం అక్కడే పోతుంది, నా బ్యాక్‌టెస్ట్‌లో ఆ ఖర్చు సున్నా. కానీ ఖర్చుల సంగతి వేరే తప్పు, దాన్ని ఇక్కడితో వదిలేస్తాను.

డబ్బు ఆపేశాక, స్టాటిస్టిక్స్ బాగా తెలిసిన ఒక సీనియర్‌కి ఈ లెక్కలన్నీ చూపించాను. ఆయన గ్రాఫ్‌ని అసలు పట్టించుకోలేదు.

"ఇది ఎన్నిటిలోంచి ఏరావు?" అన్నారు.

"2400 అన్నా."

"ఆ 2400 అనే అంకె నీ రిపోర్ట్‌లో ఎక్కడుంది?"

లేదు. రిపోర్ట్‌లో 1.1 ఒక్కటే ఉంది. ఆయన కాగితం తీసుకుని ఒక చిన్న లెక్క వేసి చూపించారు, ఆ లెక్క నాకు ఇప్పటికీ అన్నిటికంటే ఉపయోగపడింది. అసలు ఏ పసా లేని రూల్‌కి నిజమైన షార్ప్ సున్నా. కానీ కొన్నేళ్ల డేటా మీద కొలిస్తే సరిగ్గా సున్నా రాదు, అదృష్టాన్ని బట్టి అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగడం ఎంతో సుమారుగా చెప్పాలంటే, 1ని ఏళ్ల సంఖ్య వర్గమూలంతో భాగించాలి. పదేళ్లకి 0.32, ఐదేళ్లకి 0.45. అంటే పనికిరాని ఒక్క రూల్‌ని పదేళ్ల డేటా మీద పరీక్షిస్తే 0.3 రావడం మామూలే, 0.6 రావడం అరుదు, 1.1 రావడం దాదాపు అసాధ్యం. ఒక్క రూల్ అయితే. ఎన్నో రూల్స్ పరీక్షించి వాటిలో అన్నిటికంటే పెద్ద అంకెని మాత్రమే చూస్తే లెక్క మారిపోతుంది. ఐదేళ్ల డేటా మీద, ఒకదానితో ఒకటి సంబంధం లేని 45 పనికిరాని రూల్స్ ప్రయత్నించినా చాలు, వాటిలో గెలిచినదానికి సగటున షార్ప్ 1 దగ్గర వస్తుంది. నలభై ఐదుకే.

నావి 2400, డేటా పదేళ్లు. నేను వెంటనే అడిగాను, 15/120 రూల్‌కీ 20/120 రూల్‌కీ పెద్ద తేడా ఉండదు కదా, అవన్నీ వేరువేరు ప్రయత్నాలుగా ఎలా లెక్కేస్తామని. నిజమే అన్నారు ఆయన, ఒకదానికొకటి పోలిక ఉన్నవి చాలా ఉన్నాయి కాబట్టి అసలైన సంఖ్య 2400 కంటే బాగా తక్కువే ఉంటుంది, ఎంతో ఊహించే బదులు కొలువు అన్నారు. కొలిచే పద్ధతి కూడా చెప్పారు: సూచీ రోజువారీ మార్పుల వరుసని పేక కలిపినట్టు కలిపేసి, ఆ కలిపిన డేటా మీద నువ్వు చేసిన వెతుకులాట మొత్తాన్నీ మళ్లీ నడుపు.

```python
r = np.random.permutation(returns)
price = 100 * np.cumprod(1 + r)
best = max(sharpe(run(price, p)) for p in grid)
```

`returns` అంటే రోజువారీ మార్పులు, `grid` అంటే ఆ 2400. కలిపేశాక సగటు లాభం, మొత్తం ఊగిసలాట మారవు, కానీ ఏ రోజు తర్వాత ఏ రోజు వస్తుందనే వరుస పూర్తిగా పోతుంది. మూవింగ్ యావరేజ్ పట్టుకోగలిగే ట్రెండ్ గానీ, మంగళవారానికి ప్రత్యేకత గానీ అందులో ఉండే అవకాశమే లేదు. ఇక్కడ ముఖ్యమైన విషయం, గెలిచిన రూల్ ఒక్కదాన్నే కలిపిన డేటా మీద నడిపితే చాలదు, మొత్తం 2400నీ నడిపి కొత్తగా విజేతని ఎంచుకోవాలి, ఎందుకంటే మనం పరీక్షిస్తున్నది ఎంచుకునే పద్ధతిని.

200 సార్లు అలా నడిపాను. ఏ నమూనా లేదని ముందే తెలిసిన డేటాలో గెలిచిన రూల్స్ షార్ప్ మధ్య విలువ 0.95 వచ్చింది. 200లో 41 సార్లు నా 1.1ని దాటింది. అంటే అయిదింట ఒకసారి ఉత్త చెత్త డేటాలోంచి కూడా నా గ్రిడ్ నాకు ఇంతకంటే అందమైన గ్రాఫ్‌ని తీసి చేతిలో పెడుతుంది. ఆ అంకె చూశాక కాసేపు నాకు మాట రాలేదు. పద్నాలుగు నెలల టెన్షన్ అంతా ఒక సాయంత్రం కంప్యూటర్‌ని నడిపితే తప్పేది. ఒక పరిమితి చెప్పాలి: ఇలా ఒక్కొక్క రోజుని విడిగా కలిపేస్తే, అల్లకల్లోలంగా ఉన్న రోజులు గుంపుగా రావడం అనే నిజమైన లక్షణం కూడా పోతుంది. అందుకని ఇప్పుడు నేను 20 రోజుల ముక్కలుగా కోసి ఆ ముక్కల్ని కలుపుతున్నాను, అది కొంచెం కఠినమైన పరీక్ష.

తర్వాత మంగళవారాన్ని దగ్గర నుంచి చూశాను. పదేళ్లలో 500కి పైగా మంగళవారాలు ఉన్నాయి. షార్ట్‌లో ఉండగా పెద్ద దెబ్బ తగిలినవి బయటికి తీస్తే ఎనిమిది వచ్చాయి. 2008లో మార్చి 11న మార్కెట్ 3.7 శాతం లేచింది, మార్చి 18న 4.2, ఏప్రిల్ 1న 3.6, సెప్టెంబర్ 30న 5 శాతానికి పైగా, అక్టోబర్ 28న 10.8, నవంబర్ 4న 4.1, డిసెంబర్ 16న 5.1, ఆ తర్వాత 2009 మార్చి 10న 6.4. ఈ రోజులన్నీ మంగళవారాలే, ఈ రోజులన్నిట్లో నా రూల్ షార్ట్‌లోనే ఉంది. షార్ట్‌కి మేలు చేసిన మంగళవారాలూ ఉన్నాయి, 2008 అక్టోబర్ 7న 5.7 శాతం పడింది, 2009 జనవరి 20న 5 శాతానికి పైగా పడింది, కానీ మొత్తం మీద తూకం నష్టం వైపే మొగ్గింది. ఆ ఎనిమిది రోజుల్ని తీసేసి లెక్క వేస్తే మంగళవారం మానుకోవడం వల్ల లాభం లేకపోగా నష్టం. 500 రోజుల రూల్ అని నేను అనుకున్నది, ఎనిమిది రోజుల జ్ఞాపకం. అందులో మార్చి 18, డిసెంబర్ 16 అమెరికా కేంద్ర బ్యాంకు వడ్డీ రేటు తగ్గించిన రోజులు, నవంబర్ 4 అధ్యక్ష ఎన్నిక రోజు. ఆ సంక్షోభంలో పెద్ద పెద్ద కదలికలు ఏదో ఒక వారం మీద పడాలి, మంగళవారం మీద ఎక్కువ పడ్డాయి, అంతే. ఓవర్‌ఫిట్, అంటే పాత డేటాలో కాకతాళీయంగా జరిగినవాటికి రూల్‌ని అతికినట్టు కుట్టేయడం, అనే మాటని ఎన్నోసార్లు చదివాను గానీ, ఆ ఎనిమిది తేదీలు ఒక కాగితం మీద రాసుకున్నాకే అది నాకు కళ్లకి కట్టింది.

ఇంకో గుర్తు కూడా అప్పుడే చూశాను, అది ముందే చూసి ఉండాల్సింది. గెలిచిన రూల్ చుట్టుపక్కల ఉన్నవాటి షార్ప్ ఎంత? 15/120కి 1.1 ఉంటే, 20/120కి 0.6, 15/140కి 0.55, బ్యాండ్ 1 నుంచి 1.5 శాతానికి మారిస్తే 0.7. నిజంగా మార్కెట్‌లో ఏదో ఉంటే 15 రోజులకి ఉన్నది 20 రోజులకి సగానికి సగం ఎందుకు పడిపోవాలి? గుట్టలా ఉండాల్సిన చోట సూదిలా ఉంది. ఇప్పుడు నేను బెస్ట్ అంకె కంటే ముందు దాని పొరుగువాటిని చూస్తాను, అయితే ఇది అనుమానం కలిగించే గుర్తే గానీ రుజువు కాదు. పొరుగువన్నీ కలిసి ఒకే అదృష్టం మీద ఆధారపడి ఉండొచ్చు కూడా, 2008ని షార్ట్ చేసిన ప్రతి రూల్‌లాగా.

ఇక అవుట్ ఆఫ్ శాంపిల్. మాట పెద్దదిగా ఉన్నా విషయం చిన్నదే: రూల్‌ని ఎంచుకోవడానికి వాడని డేటా మీద ఆ రూల్‌ని చూడడం. అది ఎందుకు పనిచేస్తుందో కూడా పై లెక్కలోనే ఉంది. 1.1 ఎందుకు అంత పెద్దగా వచ్చింది? 2400లో ఎవరికి అదృష్టం ఎక్కువ కలిసొచ్చిందో వాళ్లని ఏరాను కాబట్టి. ఆ అదృష్టం ఆ పదేళ్లకి చెందినది, వేరే ఏళ్లకి అది వెంట రాదు. కొత్త డేటా మీద మనం పరీక్షించేది 2400 కాదు, ఒక్కటే. ఒక్కదానికి ఆ వర్గమూలం లెక్క ఉన్నదున్నట్టుగా వర్తిస్తుంది, ఏరడం వల్ల వచ్చే పొంగు ఉండదు.

నా దగ్గర 2005కి ముందు డేటా వాడనిది ఉంది. 1990 నుంచి 2004 దాకా దించి, ఆ విజేత రూల్‌ని ఏమీ మార్చకుండా నడిపాను. పది నిమిషాల పని. షార్ప్ 0.05. మంగళవారం షరతు తీసేస్తే 0.12, అంటే ఆ షరతు ఉన్నదానికంటే లేకపోవడమే మేలు. పదిహేనేళ్లకి ఊగిసలాట 0.26 అనుకుంటే, నిజమైన షార్ప్ 1.1 అయివుండి 0.05 కనపడాలంటే అది నాలుగింతల దూరం. జరగదు. భవిష్యత్ డేటానే అవుట్ ఆఫ్ శాంపిల్ అవ్వాలని రూలేమీ లేదు, ఎంచుకునేటప్పుడు కన్ను పడని డేటా అయితే చాలు. పాత మార్కెట్‌కీ కొత్త మార్కెట్‌కీ తేడాలు ఉంటాయి నిజమే, కానీ "సోమవారం భయపడి మంగళవారం కొంటారు" అన్న నా కారణం మనుషుల గురించిన కారణం, అది నిజమైతే 1990లలో కూడా కొంతైనా కనపడాలి.

ఇక్కడిదాకా బాగుంది. ఆ తర్వాత నేను చేసిన తప్పు మొదటిదానికంటే పెద్దదని నా అభిప్రాయం, ఎందుకంటే తెలిసి కూడా చేశాను. 0.05 చూశాక రూల్‌ని కొంచెం మార్చాను. బ్యాండ్ వెడల్పు చేసి 1990–2004 మీద మళ్లీ నడిపాను, 0.2. షార్ట్ తీసేసి లాంగ్ లేదా ఖాళీ అన్నాను, 0.4. ఒక ఒడిదుడుకుల ఫిల్టర్ పెట్టాను, 0.5. అలా చేస్తూ చేస్తూ రెండు కాలాల్లోనూ 0.7కి పైన ఉండే ఒక రూల్ తయారైంది. "ఇన్ శాంపిల్‌లోనూ పాసైంది, అవుట్ ఆఫ్ శాంపిల్‌లోనూ పాసైంది" అని సంతోషంగా ఆ సీనియర్‌కి చెప్తే, ఆ రెండో భాగాన్ని ఎన్నిసార్లు చూశావని అడిగారు. ఫైళ్లు లెక్కపెడితే 17. ప్రతిసారీ ఫలితం చూసి, దాన్ని బట్టి తర్వాతి మార్పు చేశాను. అంటే 1990–2004 డేటా కూడా నా వెతుకులాటలో భాగమైపోయింది, కాకపోతే కంప్యూటర్ గ్రిడ్ బదులు నా చేతులే గ్రిడ్ అయ్యాయి. అవుట్ ఆఫ్ శాంపిల్ అనేది డేటాకి ఉండే గుణం అనుకున్నాను అప్పటిదాకా. మొదటిసారి చూసినప్పుడు మాత్రమే ఉండే గుణం అది, చూసి రూల్ మార్చిన క్షణం నుంచి కరిగిపోతూ ఉంటుంది.

అప్పుడు వాక్ ఫార్వర్డ్ పద్ధతికి వెళ్లాను. ఐదేళ్ల డేటా మీద గ్రిడ్ నడిపి విజేతని ఎంచుకోవాలి, ఆ విజేతని ఆ తర్వాతి ఒక్క సంవత్సరం మీద పరీక్షించి ఫలితం రాసుకోవాలి, తర్వాత ఆ ఐదేళ్ల కిటికీని ఒక సంవత్సరం ముందుకి జరిపి మళ్లీ మొదటి నుంచి ఎంచుకోవాలి. 1990–94 మీద ఎంచుకుని 1995లో పరీక్ష, 1991–95 మీద ఎంచుకుని 1996లో పరీక్ష, ఇలా 2015 దాకా వెళ్తే 21 పరీక్షా సంవత్సరాలు వస్తాయి. వాటిని ఒకదాని పక్కన ఒకటి అతికిస్తే వచ్చే గ్రాఫ్‌లో ప్రతి రోజూ, ఆ రోజుకి ముందు తెలిసిన డేటాతో మాత్రమే ఎంచుకున్న రూల్‌తో నడిచిన రోజు. పరీక్షా సంవత్సరం మొదట్లో 200 రోజుల యావరేజ్ కోసం ముందటి ఏడాది ధరలు వాడొచ్చు, అది గతమే కాబట్టి లీక్ కాదు. లీక్ అయ్యేది పరీక్షా సంవత్సరపు ధర ఏదైనా ఎంపికలోకి దూరితేనే.

ఈ పద్ధతిలో నాకు రెండు విషయాలు బయటపడ్డాయి. ఎంపిక కిటికీల్లో విజేతల సగటు షార్ప్ 1.2. అదే విజేతలకి పరీక్షా సంవత్సరాలన్నీ కలిపితే 0.2. ఆ 1.2కీ 0.2కీ మధ్య ఉన్నది దాదాపుగా నా గ్రిడ్ చేసే ఓవర్‌ఫిట్ పరిమాణం, నేను వెతికి చూసిన వాటిలో ఇంత నేరుగా దాన్ని చూపించే అంకె ఇంకోటి లేదు. రెండోది, గెలిచిన పారామీటర్లు ఏడాది ఏడాదికీ గెంతుతున్నాయి: ఒక ఏడు 10/80 అయితే, మరుసటి ఏడు 45/200, ఆ మరుసటి ఏడు 15/60. ఐదేళ్ల కిటికీల్లో నాలుగేళ్లు రెండిట్లోనూ ఉమ్మడే, ఒక్క ఏడాది మారితే విజేత ఇంత దూరం గెంతుతోందంటే, పైనున్న వందల రూల్స్ మధ్య తేడాలు అసలు తేడాలే కావన్నమాట. మానేయాల్సిన వారం కూడా అలాగే మారింది, మంగళవారం, గురువారం, మళ్లీ ఏదీ లేదు.

వాక్ ఫార్వర్డ్‌ని కూడా పాడుచేయొచ్చు, ఆ పని కూడా కొంతవరకు చేశాను. ఎంపిక కిటికీ ఐదేళ్లు ఎందుకు, మూడు, నాలుగు, ఆరు, ఎనిమిది కూడా చూద్దామని నడిపితే ఎనిమిదేళ్లకి 0.35 వచ్చింది. దాన్నే రాసుకోబోయాను. కిటికీ పొడవుని అతికించిన ఫలితం చూసి ఎంచుకుంటే అది మళ్లీ ఐదు ప్రయత్నాల్లోంచి బెస్ట్‌ని ఏరడమే కదా. అందుకని ఆ ఐదు ఫలితాల్నీ రాసి, ముందు అనుకున్న ఐదేళ్ల ఫలితాన్నే లెక్కలోకి తీసుకున్నాను.

ఇంకో లీక్ ఉంది, దానికి నా దగ్గర పూర్తి మందు లేదు. 2008లో మార్కెట్ ఎలా కుప్పకూలిందో, 2000 తర్వాత టెక్ షేర్లు ఏమయ్యాయో నాకు ముందే తెలుసు. ట్రెండ్ రూల్ ఎంచుకోవాలనే ఆలోచనే ఆ జ్ఞాపకంలోంచి వచ్చింది. కంప్యూటర్‌కి చూపించకుండా దాచిన ఏళ్లని నా బుర్ర ముందే చూసేసింది. దాచిపెట్టిన పాత డేటా ఎంత జాగ్రత్తగా వాడినా ఫలితం కొంచెం ఆశావహంగానే ఉంటుంది, అందుకే ఇంకా జరగని రోజులే అన్నిటికంటే శుభ్రమైన పరీక్ష అని నేను నమ్ముతాను.

2016 ఏప్రిల్ నుంచి వచ్చే ధరల్ని అలా పక్కన పెట్టాను. వేరే ఫోల్డర్, బ్యాక్‌టెస్ట్ కోడ్‌కి ఆ ఫోల్డర్ దారి తెలియదు. దాని మీద పరీక్షించబోయే రూల్‌ని ముందే రాసి పెట్టాను: వారం షరతు లేదు, బ్యాండ్ లేదు, షార్ట్ లేదు, ఒక్క జతని ఏరడం లేదు, 80 జతలూ తలా ఒక ఓటు వేస్తే ఆ ఓట్ల నిష్పత్తిలో లాంగ్ ఉండడం, మిగతాది ఖాళీ. ఏరడం తీసేస్తే ఏరడం వల్ల వచ్చే తప్పు కూడా తగ్గుతుందని. పాస్ అంటే ఏమిటో కూడా ముందే రాశాను: ట్రేడింగ్ ఖర్చు తీసేశాక, ఊరికే సూచీని కొని ఉంచుకున్నదానికంటే షార్ప్ ఎక్కువ ఉండాలి. తెరిచే రోజు 2019 డిసెంబర్ 31. ఆ మధ్యలో ఎన్ని ప్రయత్నాలు చేశానో రాసుకోవడానికి ఒక నోట్‌బుక్ పెట్టాను, ఫలితం బాగున్నా బాగోలేకపోయినా ప్రతి పరుగుకీ ఒక వరుస.

మూడు ఏళ్ల తొమ్మిది నెలలకి ఊగిసలాట 0.5 పైన ఉంటుంది, కాబట్టి ఆ ఒక్క పరీక్ష ఒక రూల్ మంచిదని నిరూపించలేదని నాకు తెలుసు. నిజంగా 0.5 షార్ప్ ఉన్న మంచి రూల్ కూడా ఆ నిడివిలో సున్నా చూపించొచ్చు. అవుట్ ఆఫ్ శాంపిల్ పరీక్షకి ఉన్న పెద్ద బలహీనత ఇదే, చెడ్డ రూల్స్‌ని తీసేయడంలో బలంగా ఉంటుంది, మంచివాటిని గుర్తించడంలో నెమ్మదిగా ఉంటుంది, ఎక్కువ డేటా దాచితే ఎంపికకి తక్కువ మిగులుతుంది. అయినా చెప్పిన రోజున తెరిచాను. రూల్ షార్ప్ 0.6. సూచీని కొని ఊరికే ఉంచుకుంటే ఆ కాలంలో 1 దగ్గర ఉంది.

0.6 చూడగానే చెయ్యి మళ్లీ కీబోర్డ్ మీదకి వెళ్లింది, 2018 డిసెంబర్‌లో పడి 2019 మొదట్లో లేచిన ఆ ఒక్క ముక్కలోనే ఎక్కువ నష్టం కనిపించింది, ఒక చిన్న ఫిల్టర్ పెడితే సరిపోతుందనిపించింది. నోట్‌బుక్ తెరిచి ముందు రాసుకున్న షరతు చదివాను. ఫెయిల్ అని రాసి, తేదీ వేసి, ఆ రూల్ మీద ఒక్క రూపాయి కూడా పెట్టకుండా మూసేశాను. 2016–2019 ఫోల్డర్‌ని చూసేసిన డేటాలోకి మార్చి, 2020 జనవరి నుంచి కొత్త ఫోల్డర్ మొదలుపెట్టాను.